షాండ్లియర్ కింద ఒక అంగుళం

నా బరువు డెబ్బై రెండు కిలోలు. ముదలియార్‌పేటలోనూ ఒర్లియంపేటలోనూ నేను కరెంటు పని చేసిన ఇళ్ళవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు, ఎందుకంటే నేనే చాటింపు వేసుకునేవాణ్ణి. బరువైన దీపమేదైనా తగిలించే ముందు పైకప్పు కొక్కేనికి తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని, కాళ్ళు నేల మీంచి ఎత్తేసి వేలాడేవాణ్ణి. మూడుసార్లు ఊగేవాణ్ణి. ఇరవై దాకా లెక్కపెట్టమని ఇంటావిడకి చెప్పేవాణ్ణి. ఆవిడ భయం భయంగా లెక్కపెట్టేది. ఇరవై కాగానే దిగి, చేతులు దులుపుకుని, "నన్నే మోసింది, నీ దీపాన్ని మోయదా అమ్మా?" అనేవాణ్ణి. ఆ మాటకి ఎవరూ ఎదురు చెప్పలేదు. ముప్పయ్యేళ్ళ పాటు నాకూ అందులో తప్పు కనిపించలేదు.

మా అక్కది ఒర్లియంపేటలో పాత ఇల్లు. నిజానికి మా బావ వాళ్ళ తాత కట్టించింది. ఇరుకు వీధిలో, అటూ ఇటూ కొత్త కాంక్రీటు మేడల మధ్య నలిగిపోయినట్టు ఉంటుంది గానీ, లోపలికి వెళితే హాలు పదిహేను అడుగుల ఎత్తు. మద్రాసు టెర్రేసు మిద్దె. అంటే అడుగున్నరకొకటి చొప్పున టేకు దూలాలు వరసగా పరిచి, వాటి మీద ఇటుకలు నిలబెట్టి సున్నంతో పూడ్చిన కప్పు. హాలు నడిమి దూలానికి ఒక ఇనప కొక్కెం ఉంది, నా చిటికెన వేలంత లావు. దానికి చీర ఉయ్యాల కట్టి బావని ఊపారు. తర్వాత మా మేనకోడల్ని ఊపారు. ఆ కొక్కెం అంటే ఆ ఇంట్లో దేవుడి పటంతో సమానం.

బావ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పాత సామాన్ల కొట్ల వెంట తిరగడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఆటోలో ఒక షాండ్లియర్ దించాడు. ఇత్తడిది. ఎనిమిది కొమ్మలు, ఒక్కో కొమ్మకి గాజు గిన్నె, అడుగున ద్రాక్ష గుత్తుల్లా వేలాడే గాజు పూసలు, అన్నిటికంటే కింద కోడిగుడ్డంత ఇత్తడి గుండు. నిలువునా నాలుగడుగులు. వీధి చివరి బియ్యం కొట్టు కాటాలో తూయించాను. గొలుసుతో కలిపి నలభై రెండు కిలోలు.

"ఈ దీపాల చెట్టు మనకెందుకురా?" అంది అక్క నాతో, బావకి వినపడేలా. "దుమ్ము తుడవను ఒక పనిమనిషి, దానికెక్కను ఒక నిచ్చెన."

"మనవరాలికి తొట్టిలు వేసేది దీని కిందనే," అన్నాడు బావ.

అంతే, అక్క మెత్తబడింది. మా మేనకోడలు ప్రసవించి అప్పటికి రెండు వారాలు. ముప్పయ్యో రోజున బిడ్డని ఉయ్యాలలో వేసి పేరు పెట్టాలనుకున్నారు. చీర ఉయ్యాల కట్టే కాలం పోయింది కాబట్టి కాళ్ళున్న చెక్క ఉయ్యాల కొన్నారు. అది హాలు నడుమ నేల మీద, దాని నెత్తిన షాండ్లియర్ వెలుగుతూ, బిడ్డ పైకి చూస్తూ. బావ ఊహ అది. నిజం చెప్పాలంటే నాకూ నచ్చింది.

మొదటి తగువు జంక్షన్ బాక్స్ దగ్గర వచ్చింది. నడిమి దూలం పక్కన పాత ట్యూబ్‌లైటు కోసం బిగించిన ప్లాస్టిక్ బాక్స్ ఒకటి ఉంది. షాండ్లియర్‌తో పాటు రెండు మరలున్న ఒక రేకు పట్టీ వచ్చింది. ఆ పట్టీని బాక్స్‌కి బిగించి దానికే తగిలించేయొచ్చని అమ్మినవాడు చెప్పాడట.

"వాడు చెప్పినాడు, మీరు విన్యారు," అన్నాను బావతో. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "బావా, ఈ బాక్స్ ఏందో తెలుసునా మీకు? వైర్ల జాయింట్లకి ఇల్లు. అంతే. వేలు పెట్టి నొక్కితే వంగుతాది. చిన్న బల్బు హోల్డరైతే సరే. దీనికి నలభై రెండు కిలోలు తగిలిస్తే ఆ రెండు మరలూ ప్లాస్టిక్కుని చీల్చుకోని దిగొస్తాయి. ఇనప బాక్స్ పెట్టినా అంతే. అది దేనికి బిగించుండాదో దాని బలమే దాని బలం. బరువు ఇంటి ఎముక మోయాల. బాక్స్ కాదు."

ఎముక అన్న మాట నాకే బాగా నచ్చి, ఆ రోజు మూడు నాలుగుసార్లు వాడాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

"ఎముక ఉండాది గదా," అన్నాడు బావ, కొక్కెం వైపు చెయ్యెత్తి. "నన్ను మోసింది, నా కూతుర్ని మోసింది. దీన్ని మోయదా?"

ఆ మాట నేను చెప్పేదే. నా డైలాగు బావ నోట విని మురిసిపోయాను. నిచ్చెన వేసి పైకెక్కాను. దూలానికి కిందటి ఏడాదే చాక్లెట్ రంగు ఎనామెల్ వేయించారు. తళతళలాడుతోంది. ఒక పక్క పిడికిలితో తట్టాను. గట్టిగానే పలికింది. కొక్కెం దూలంలోంచి మిద్దె పైదాకా వెళ్ళి, అక్కడ నట్టు బిగించి ఉంటుందనుకున్నాను. పాతకాలం పని కదా, అట్లాగే చేసి ఉంటారని. చూడలేదు, అనుకున్నాను. మిద్దె మీద ఆ చోట సున్నం గచ్చు, దాని మీద బావ పెట్టించిన నీళ్ళ ట్యాంకు. ఎవరు తవ్వి చూస్తారు?

తాడు కట్టి వేలాడాను. మూడుసార్లు ఊగాను. అక్క నవ్వుతూ ఇరవై లెక్కపెట్టింది.

రెండో తగువు గొలుసు మీద. గొలుసు ఆరడుగులు వచ్చింది, మొత్తం వేయమన్నాడు బావ. అంత ఎత్తు కప్పుకి అంత పొడుగు గొలుసు అందమట. నేల మీద సుద్దముక్కతో లెక్క వేసి చూపించాను. కప్పు పదిహేను. షాండ్లియర్ నాలుగు. గొలుసు ఆరు వేస్తే కింద మిగిలేది అయిదు. "మీ ఎత్తెంత బావా? అయిదూ తొమ్మిది. రోజూ పొద్దున లేస్తానే ఆ గుండుకి నుదురు కొట్టుకుంటారు." మనుషులు నడిచే చోట ఏడడుగులకి తక్కువ ఉండకూడదు. హాలు పెద్దది, కప్పు ఎత్తు కాబట్టి ఎనిమిది ఉంటే చూపుకీ బాగుంటుంది. అంటే కొక్కేన్ని కలుపుకుని గొలుసు మూడడుగులు చాలు. రెండు పట్టకార్లతో ఒక లంకెని విప్పి, మిగిలిన గొలుసు తీసేసి, ఆ లంకెని మళ్ళీ సందు లేకుండా నొక్కేశాను. వైరు గొలుసులోంచి అల్లుకుంటూ తెచ్చాను, గొలుసు కంటే కాస్త ఎక్కువ పొడుగు వదిలి. వైరు వదులుగా ఉండాలి, బరువులో దానికి వాటా ఉండకూడదు. ఇత్తడి ఒంటికి ఎర్తు వైరు బిగించాను. జాయింట్లన్నీ ఆ బాక్స్‌లో పెట్టి మూత వేశాను. గొలుసు పైకొసన బోర్లించిన గిన్నెలా ఉండే ఇత్తడి కప్పుని కొక్కెం చుట్టూ పైకి తోసి దాని మరతో గొలుసుకి బిగించాను. అది దూలానికి అతుక్కుని, కొక్కేన్ని పూర్తిగా దాచేసింది.

ఇక్కడ నా పద్ధతి ఒకటి చెప్పాలి. పని అయ్యాక ఒక వైరింగ్ పైపు ముక్క కోస్తాను. దీపం కింది అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో దానికి సరిగ్గా ఒక అంగుళం తక్కువ. ఆ పైపుని నేల మీద నిలబెట్టి దీపం కింద అటూ ఇటూ నడిపిస్తాను. బొటనవేలంత సందులోంచి తాకకుండా పోతుంది. ఇంటివాళ్ళు చప్పట్లు కొడతారు. ఆ పైపుని అక్కడే, తలుపు వెనకాల వదిలేస్తాను. ఎందుకని అడిగితే, నా సంతకం అనుకోండి అంటాను. అందులో జాగ్రత్త ఏమీ లేదు. ఉత్త డాబు.

షాండ్లియర్ వెలిగింది. మా మేనకోడలు బిడ్డని ఎత్తుకొచ్చి చూపించింది. బిడ్డ కళ్ళు చికిలించి ఏడ్చింది. అందరం నవ్వాం.

సరిగ్గా తొమ్మిది రోజులకి పేరు పెట్టే వేడుక. పొద్దున తొమ్మిదికల్లా ఇల్లు నిండిపోయింది. ఏంబలం నుంచి బావ తరఫు బంధువులు వ్యాను కట్టుకుని వచ్చారు. హాలంతా చాపలు పరిచారు. నడుమ ఉయ్యాల, దానికి మల్లెపూల దండలు. ముహూర్తానికి ఇంకా గంట ఉంది. బిడ్డకి నిద్ర ముంచుకొస్తోందని మా మేనకోడలు అప్పుడే దాన్ని ఉయ్యాలలో పడుకోబెట్టింది. చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఏ పాట పాడాలో వాదించుకుంటున్నారు. షాండ్లియర్ అన్ని దీపాలతో వెలుగుతోంది.

ఏంబలం నుంచి వచ్చిన వాళ్ళలో ఒకాయన తాటిచెట్టంత ఎత్తు. హాల్లోకి వస్తూ తల వంచి, షాండ్లియర్‌ని చూసి, "నా తలకాయకి తగలదు గదా?" అన్నాడు.

ఇంతకంటే మంచి అదను దొరుకుతుందా నాకు? "ఎనిమిదడుగులుండాదన్నా! చూపిస్తా ఉండండి," అని తలుపు వెనకాల నుంచి పైపు తీసుకొచ్చాను. ఆడవాళ్ళని కాస్త జరగమన్నాను. ఉయ్యాల పక్కన పైపు నిలబెట్టి, గుండు కిందకి జరిపాను.

టింగుమంది.

గుండుకి పైపు తగిలింది. గాజు పూసలు గలగలలాడాయి. ఆ పొడుగాయన నవ్వాడు. "ఏమయ్యా, నీ ఎనిమిదడుగులు ఇదేనా?"

చాప మందం అనుకున్నాను. చాప మడిచి, పైపుని నున్నటి నేల మీద పెట్టి మళ్ళీ జరిపాను. మళ్ళీ టింగు. ఎవరో వేరే పైపు పెట్టారేమో అని చూశాను. నాదే, నా రంపం గీతే. గొలుసులో లంకె ఏదైనా విచ్చుకుందేమో అని కింద నుంచి ఒక్కొక్కటే చూస్తూ వెళ్ళాను. అన్నీ మూసుకునే ఉన్నాయి. గొలుసు సాగదు. ఇత్తడి పెరగదు. నేల పైకి లేవదు.

ఇంక మిగిలింది ఒక్కటే.

తలెత్తి చూశాను. దీపాల వెలుగుకి పైన ఏమీ కనపడలేదు. అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, రెండడుగులు పక్కకి జరిగి చూశాను. పై ఇత్తడి కప్పుకీ దూలానికీ మధ్య నల్లటి గీత. నేను వేలెడంత సందు కూడా వదలని చోట. కింద ఉయ్యాల మీద పరిచిన తెల్లటి గుడ్డ మీద, బిడ్డ పాదాల దగ్గర, చిటికెడు గోధుమరంగు పొడి.

చేతిలో పైపు ఎప్పుడు పడేశానో తెలియదు. ఉయ్యాలని రెండు చేతులా పట్టుకుని, పూలదండలు తెగిపోతున్నా చూడకుండా, గోడ దాకా ఈడ్చేశాను. బిడ్డ గుక్క పట్టింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు.

"మామా! ఏందిది? పిచ్చి పట్టిందా?" మా మేనకోడలు నా చొక్కా పట్టుకుంది.

"బయటికి పోండి! అందరూ! వీధిలోకి!" అరిచాను.

బావ దూరం నుంచి వచ్చాడు, పంచె ఎగ్గట్టుకుంటూ. "ఒరే, ముహూర్తం దగ్గరికొచ్చింది. ఏంది నీ గలాటా?"

"బావా, కొక్కెం దిగిపోతా ఉండాది."

"యాడ? సుమ్మా ఊరికే అనొద్దు. నువ్వే గదా వేలాడి చూసింది!"

నలభై మంది నా మొహం చూస్తున్నారు. ఏంబలం పొడుగాయన నవ్వు ఆపేశాడు. ఆ ఒక్క క్షణం నేను ఏమేం సాకులు వెతికానో రాయడానికి సిగ్గేస్తోంది. పాత కట్టడం అనొచ్చు. అమ్మినవాడి మీద తోసేయొచ్చు. బిడ్డ ఇంకా ఏడుస్తోంది.

"నేనే బావా. నేనే తప్పు చేసినా," అన్నాను. "తిట్టేది తర్వాత తిట్టండి. ముందు అందర్నీ బయటికి తీసకపోండి."

బావ అందర్నీ వీధిలోకి నడిపించాడు. మెయిన్ ఆపేశాను. హాలు చీకటి కాలేదు, కిటికీల వెలుగుంది, కానీ ఎండలో ఆ ఇత్తడి వేలాడుతుంటే చూడ్డానికే భయమేసింది. తలుపు దగ్గరకి వేసి గడప దగ్గర నేనే నిలబడ్డాను, ఎవర్నీ అడుగు పెట్టనివ్వకుండా.

ఎదురింట్లో రంగుల పనివాడు ఉంటాడు. చక్రాలున్న ఇనప గొట్టాల పరంజా అతని దగ్గరుంది. పిలవగానే వచ్చాడు. ఎలా దించుదామని అడిగాడు. కప్పుకి గిలకో తాడో కట్టి దించే ఆలోచన అతనిది. వద్దన్నాను. పైన ఏ దూలం మంచిదో నాకు తెలియదు. పైదాన్ని నమ్మలేనప్పుడు కింద నుంచే పట్టుకోవాలి. హాలు అంచున పరంజా బిగించుకుని, ఇద్దరం గోడల వారగా నిలబడి, పొడుగు గొట్టాలతో దాన్ని మెల్లగా షాండ్లియర్ కిందకి తోశాం. దూరం నుంచి ఒక్కో పలకా అందిస్తూ, పైన పాత పరుపు వేసి, గుండు పరుపులో కూరుకునేదాకా పరుపు కింద పలకల్ని దూర్చాం. ఇద్దరిలో ఎవరం దాని కిందకి తల పెట్టలేదు. గొలుసు వదులైంది.

పక్క నుంచి నిచ్చెన వేసుకుని పైకెక్కాను. ఇత్తడి కప్పు మర విప్పి కిందకి దించాను. కొక్కెం కాడ రెండు వేళ్ళ మేర బయటికి వచ్చేసి ఉంది. దాని మీద మర గీతలు కనిపించాయి. పైదాకా వెళ్ళలేదు. నట్టూ లేదు, ఏమీ లేదు. దూలంలోకి తిప్పి దించిన మామూలు మర కొక్కెం. రెండు వేళ్ళతో పట్టుకుని లాగాను. గట్టిగా కూడా లాగలేదు. పెరుగన్నంలోంచి చెంచా వచ్చినట్టు వచ్చేసింది. దాని వెనకాల పొడి జలజలా రాలి నా మొహం మీద పడింది.

స్క్రూడ్రైవర్ తీసి దూలంలో గుచ్చాను. పిడి దాకా దిగింది. అటు పక్క గుచ్చాను. పిడి దాకా. ట్యాంకు నుంచి చెమ్మ దిగి, చెద పట్టి, ఆ దూలం లోపలంతా తినేసింది. మిగిలింది పక్కన ఒక చెక్కు, దాని మీద చాక్లెట్ రంగు ఎనామెల్. నేను పిడికిలితో తట్టింది ఆ చెక్కునే. పైన పటారం, లోన లొటారం. దూలం సంగతే కాదు, నా సంగతి కూడా.

నిచ్చెన మీదే కూర్చుండిపోయాను. నా డెబ్బై రెండు కిలోల లెక్క అక్కడే విరిగిపోయింది. ఇరవై లెక్కపెట్టేంత సేపు మోయడం వేరు, రాత్రీ పగలూ మోయడం వేరు. మనిషి వేలాడి దిగిపోతాడు. దీపం దిగదు. ఇంకో ఆలోచన వచ్చింది. పుచ్చిపోయిన కొయ్యలో ఎలాగో పట్టుకుని ఉన్న ఆ మరని వదులు చేసింది బహుశా నా మూడు ఊపులే. నేను పరీక్ష అనుకున్నదే దాన్ని పాడు చేసి ఉంటుంది.

తర్వాత దాన్ని మళ్ళీ ఎలా తగిలించానో ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మరిచిపోతాను. బావ ట్యాంకు తీయించాడు. వడ్రంగి వచ్చి కప్పుకి ఊతాలు పెట్టి నడిమి దూలం మార్చాడు. ఆ కొత్తదాని మీద కూడా నేను బరువు పెట్టలేదు. దాని పక్కన ఉన్న రెండు దూలాల్ని అడుగడుగునా గుచ్చి చూసి, మంచివని తేలాక, ఆ రెంటికీ అడ్డంగా ఉక్కు ఛానల్, అంటే గాడి ఉన్న దళసరి కమ్మీ, బిగించాను. బోల్టులు దూలాల పక్క నుంచి ఇటు నుంచి అటు దాకా దూర్చి, రెండు వైపులా దళసరి ఇనప బిళ్ళలు వేసి. ఛానల్ నుంచి నట్టు, దాని మీద ఇంకో నట్టు వేసిన కొక్కెం. తర్వాత షాండ్లియర్ బరువుకి నాలుగింతలు ఇసుక బస్తాలు కట్టి, ఊడినా ఎక్కువ దూరం పడకుండా వాటి కింద దగ్గరగా దిమ్మెలు పేర్చి, హాలు తలుపుకి తాళం వేసి రెండు రోజులు వదిలేశాను. కింద పైపు పెట్టి కొలిచాను. వెంట్రుకవాసి దిగలేదు. అప్పుడు తగిలించాను. నేను వేలాడలేదు.

కానీ ఆ రోజు మధ్యాహ్నం జరిగింది ఇంకా చెప్పలేదు.

పేరు పెట్టడం వీధిలో షామియానా కింద జరిగిపోయింది. తెగిన పూలదండల్ని ముడి వేసి మళ్ళీ ఉయ్యాలకి కట్టారు. నేను దగ్గరికి వెళ్ళలేదు. మా మేనకోడలే బిడ్డని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. బిడ్డ నెత్తి మీద వెంట్రుకల్లో కూడా ఆ గోధుమరంగు పొడి రవ్వంత ఉంది. వేలితో తుడిచాను. అంతమంది ముందు ఏడ్చాను, దాచుకోవడం చేతకాలేదు.

భోజనాలు వేశారు. నన్ను కూర్చోబెట్టి అక్క ఆకు వేసింది. అన్నం, పప్పు, అప్పడం, పాయసం. ఎదురుగా కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. చేతిలో ఆ కొక్కెం పట్టుకుని తిప్పి తిప్పి చూస్తోంది.

"అక్కా, క్షమించు," అన్నాను.

ఆ మాట విన్నట్టే లేదు. "ఒరే," అంది మెల్లగా. "ఇట్ట వేలాడి చూసి, ఇట్టాంటి పాత మిద్దెల్లో ఇంకెన్ని ఇండ్లల్లో తగిలించినావురా?"

చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. ఆ ప్రశ్న నా బుర్రలోకే రాలేదు. పొద్దున్నుంచి ఈ హాలు, ఈ దూలం, ఈ బిడ్డ తప్ప నాకు ఇంకేం తట్టలేదు. ఒక్కో ఇల్లూ కళ్ళ ముందుకి వచ్చింది. భోజనాల బల్ల మీద తగిలించినది. ట్యూషన్ చెప్పే టీచరమ్మ హాల్లోది. మంచాన పడ్డ పెద్దాయన గదిలోది. ప్రతి చోటా ఎవరో ఒకరు ఇరవై లెక్కపెట్టారు. ప్రతి తలుపు వెనకాలా ఒక పైపు ముక్క.

"పదకొండు," అన్నాను.

"పిలకాయలుండారా ఆ ఇండ్లల్లో?"

"ఉండారు."

అక్క కొక్కేన్ని నా ఆకు పక్కన పెట్టింది. "మరి ఇంకా ఈడ కూర్చోనుండావేందిరా?"

లేచాను. చెయ్యి కడుక్కున్నానో లేదో గుర్తు లేదు.